తప్పు మీ వేళ్లది కాకపోవచ్చు

గిటారు నేర్చుకునేవాళ్లలో చాలామంది బార్ కార్డ్ దగ్గర ఆగిపోతారు. చూపుడు వేలును ఆరు స్ట్రింగుల మీదా అడ్డంగా ఆనించి నొక్కితే రెండు మూడు పలకవు, పలికినవి జిర్రుమంటాయి, కాసేపటికే మణికట్టు పట్టేస్తుంది. ట్యూనర్ పెట్టి ఓపెన్ స్ట్రింగులన్నీ జాగ్రత్తగా శ్రుతి చేసుకున్నా, నెక్ మీద పైకి వెళ్లేకొద్దీ స్వరాలు తేడాగా వినిపిస్తాయి. ఇంకా సాధన చెయ్యాలి, వేళ్లు గట్టిపడాలి అని సర్దిచెప్పుకుంటారు. సాధనతో వేళ్లు గట్టిపడే మాట నిజమే. కానీ స్ట్రింగులు ఉండాల్సినదానికంటే ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉంటే ఆ కష్టం సాధనతో పోయేది కాదు. దాన్ని స్క్రూలు తిప్పి సరిచేయాలి.

ఆ పనిని గిటారు సెటప్ అంటారు. అందులో ముఖ్యమైనవి మూడు: నెక్ వంపు, స్ట్రింగుల ఎత్తు, ఇంటొనేషన్. మూడింటినీ ఇంట్లోనే కొలవచ్చు, చాలా గిటార్లకు ఇంట్లోనే సరిచేయవచ్చు. పాటించాల్సింది వరుస. ముందు వంపు, తర్వాత ఎత్తు, చివర ఇంటొనేషన్. వంపు మారితే ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే ఇంటొనేషన్ మారుతుంది. అందుకే వెనక నుంచి మొదలుపెట్టినవాళ్లు చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఒక గిటారు, మూడు కొలతలు

ఈ మధ్య నేను సరిచేసిన ఒక గిటారును ఉదాహరణగా తీసుకుందాం. స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉన్న మామూలు ఎలక్ట్రిక్ గిటారు. నట్ నుంచి శాడిల్ దాకా స్ట్రింగ్ పొడవు 648 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ కదలని రకం. సొంతదారు ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు. "మొదట్లో బానే ఉండేది అన్నా. స్ట్రింగులు మార్చినప్పటి నుంచి చెయ్యి పడిపోతోంది. పైన ఏ కార్డ్ పట్టినా శ్రుతి తప్పినట్టే ఉంది" అన్నాడు.

అసలు కారణం ఆ మాటల్లోనే ఉంది. గిటారుతో వచ్చినవి నైన్స్ సెట్, అంటే మొదటి స్ట్రింగ్ మందం 0.009 అంగుళం. అతను వేసినవి టెన్స్ సెట్, మొదటి స్ట్రింగ్ 0.010 అంగుళం. వినడానికి తేడా వెంట్రుకంత కూడా లేదు. కానీ మామూలు శ్రుతిలో నైన్స్ సెట్‌లోని ఆరు స్ట్రింగులూ కలిసి నెక్‌ను దాదాపు 38 కిలోల బలంతో లాగుతాయి, టెన్స్ సెట్ దాదాపు 46 కిలోలతో లాగుతుంది. ఆ అదనపు ఎనిమిది కిలోలకు నెక్ ముందుకు వంగింది. వంగిన నెక్ స్ట్రింగులను ఫ్రెట్లకు దూరం చేసింది. దూరమైన స్ట్రింగును నొక్కాలంటే బలం ఎక్కువ కావాలి, పైగా నొక్కేటప్పుడు అది ఎక్కువ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. కుర్రాడు చెప్పిన రెండు బాధలూ ఒకే చోట పుట్టినవి.

ఏ స్క్రూనూ ముట్టుకోకముందే కొలతలు తీసి కాగితం మీద రాసుకున్నాం. నెక్ వంపు 0.6 మిల్లీమీటరు. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో స్ట్రింగ్ ఎత్తు 3 మిల్లీమీటర్లు, మొదటి స్ట్రింగ్ ఎత్తు 2.5. ఆరో స్ట్రింగును 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే ట్యూనర్ 14 సెంట్లు ఎక్కువ చూపించింది. ఒక స్వరానికీ పక్క ఫ్రెట్‌లోని స్వరానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. ఐదారు సెంట్ల తేడాను శ్రద్ధగా వినే చెవి పట్టుకుంటుంది. 14 సెంట్లంటే ఎవరికైనా వినిపిస్తుంది.

ఈ పనికి కావాల్సిన సామాను తక్కువే. మిల్లీమీటరులో సగం దాకా గీతలున్న స్టీలు స్కేలు, గిటారు స్క్రూలకు సరిపోయే అలెన్ కీలు, స్టార్ స్క్రూడ్రైవర్, సెంట్లు చూపించే ట్యూనర్ లేదా ఫోన్‌లో ట్యూనర్ యాప్, ఒక కేపో. వంపును కొలవడానికి ఫీలర్ గేజ్ ఉంటే మంచిది. బైకు మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగుకు వాడేది అదే, ఆటో స్పేర్ పార్టుల దుకాణంలో దొరుకుతుంది.

స్ట్రింగులు పాతబడి ఉంటే ముందు మార్చాలి. వేళ్ల చెమట, మురికి పట్టి, ఫ్రెట్ల దగ్గర అరిగిన స్ట్రింగ్ పొడవునా ఒకేలా ఉండదు. దాని ఇంటొనేషన్‌ను ఎంత సరిచేసినా కుదరదు. ఏ సెట్ వాడాలనుకుంటున్నారో అదే వేసి, చేత్తో మెల్లగా పైకి లాగి సాగదీసి, శ్రుతి నిలబడ్డాకే కొలతలు మొదలుపెట్టాలి.

మొదటిది: నెక్ వంపు

నెక్ బల్లపరుపుగా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి కొద్దిపాటి వంపు ఉండాలి. మీటిన స్ట్రింగ్ రెండు కొసల దగ్గర కదలదు, మధ్యలో ఎక్కువగా ఊగుతుంది. ఆ ఊగే మేరకు ఫ్రెట్లు కాస్త దిగువన ఉంటే స్ట్రింగ్ వాటికి తగలదు. ఈ కొద్దిపాటి లోతునే రిలీఫ్ అంటారు. నారి బిగించిన విల్లులా స్ట్రింగులు నెక్ కొసను లాగి ఈ వంపు తెస్తాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది ట్రస్ రాడ్, అంటే నెక్ లోపల పొడవునా అమర్చిన ఉక్కు కడ్డీ. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ బిగించి వదలగలిగే ట్రస్ రాడ్‌కు 1920ల మొదట్లో పేటెంట్ తీసుకున్నాడు. దానితో నెక్‌ను సన్నగా తయారుచేసినా స్టీలు స్ట్రింగుల బలానికి తట్టుకోవడం, వంగితే తర్వాత సరిచేసుకోవడం వీలైంది.

రిలీఫ్‌ను ఇలా కొలవాలి. గిటారును శ్రుతి చేసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్లో పెట్టుకోవాలి. బల్ల మీద పడుకోబెడితే నెక్ బరువుకు కొలత మారుతుంది. మొదటి ఫ్రెట్ మీద కేపో బిగించి, ఆరో స్ట్రింగును కుడిచేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కాలి. ఇప్పుడు ఆ స్ట్రింగే తిన్నని స్కేలు. ఎనిమిదో ఫ్రెట్ పైభాగానికీ స్ట్రింగుకూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. ఎలక్ట్రిక్ గిటారుకు 0.2 నుంచి 0.3 మిల్లీమీటరు ఉంటే సరిపోతుంది. ఫీలర్ గేజ్ లేకపోతే మామూలు విజిటింగ్ కార్డును సందులోకి జరపండి. కార్డు దాదాపు ఆ మందమే ఉంటుంది. స్ట్రింగును పైకి నెట్టకుండా, జారిపోకుండా ఆనుకుంటూ దూరితే సందు సరిగా ఉన్నట్టే. రెండు కార్డులు దూరితే వంపు ఎక్కువ. సందే కనిపించకపోతే నెక్ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగి ఉంది.

ట్రస్ రాడ్‌ను తిప్పే చోటు కొన్ని గిటార్లకు హెడ్‌స్టాక్ మీద నట్ పక్కన ఉంటుంది, దాని మీద చిన్న మూత ఉండవచ్చు. కొన్నిటికి నెక్, బాడీ కలిసే చోట ఉంటుంది. తిప్పే కొసకు ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పడం బిగించడం. బిగిస్తే వంపు తగ్గుతుంది, ఎదురు దిశలో వదిలితే వంపు పెరుగుతుంది.

ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. బిగించే ముందు స్ట్రింగులను కాస్త వదులు చేస్తే రాడ్ మీద భారం తగ్గుతుంది. తిప్పాక మళ్లీ పూర్తిగా శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. శ్రుతి చేయకుండా తీసిన కొలత పనికిరాదు, ఎందుకంటే వంపు స్ట్రింగుల బిగువును బట్టే ఉంటుంది. మన ఉదాహరణ గిటారుకు మొదటి పావు చుట్టుతో 0.6 కాస్తా 0.45కు వచ్చింది. రెండో పావు చుట్టుతో 0.3కు చేరింది. అక్కడ ఆపేసి ఆ రాత్రికి వదిలేశాం. కొయ్య ఒక్కోసారి వెంటనే కుదురుకోదు, గంటల తరబడి మెల్లగా కదులుతుంది. మర్నాడు చూస్తే 0.25 ఉంది. ఇక దాన్ని ముట్టుకోవాల్సిన పనిలేదు.

అలెన్ కీ కచ్చితంగా సరిపోయేదే వాడాలి. కొంచెం చిన్నదైనా లోపలి అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. అంగుళాల కొలతకు చేసిన స్క్రూలో మిల్లీమీటర్ల కీ పట్టినట్టే పట్టి జారిపోతుంది. మామూలు బలానికి రాడ్ తిరగకపోతే బలవంతం చేయకండి. రాడ్ తెగితే నెక్ పైపలకను ఊడదీయాలి, లేదా నెక్ మొత్తం మార్చాలి. పూర్తిగా బిగించినా వంపు తగ్గకపోయినా, పూర్తిగా వదిలినా వెనక్కి వంపు పోకపోయినా నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. స్ట్రింగులు ఎత్తుగా ఉన్నాయని ట్రస్ రాడ్ బిగించడం చాలామంది చేసే పని. రాడ్ బిగిస్తే ఎత్తు కొంత తగ్గే మాట నిజమే. కానీ ఎత్తు కోసం నెక్‌ను తిన్నగా లాగేస్తే మొదటి ఐదు ఫ్రెట్లలో జిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. రాడ్ ఉన్నది వంపు కోసమే. ఎత్తుకు వేరే స్క్రూలు ఉన్నాయి.

రెండోది: స్ట్రింగుల ఎత్తు

స్ట్రింగ్ అడుగుకూ ఫ్రెట్ పైభాగానికీ మధ్య దూరాన్ని యాక్షన్ అంటారు. 12వ ఫ్రెట్ దగ్గర కొలవడం వాడుక. కేపో తీసేసి, ఏ స్ట్రింగునూ నొక్కకుండా, స్కేలును ఫ్రెట్ మీద నిలబెట్టి, కన్ను ఆ ఎత్తుకే దించి చూడాలి. ఎలక్ట్రిక్ గిటారుకు ఆరో స్ట్రింగ్ దగ్గర 2, మొదటి స్ట్రింగ్ దగ్గర 1.5 మిల్లీమీటర్లు ఎక్కువమందికి నప్పుతాయి. లావు స్ట్రింగ్ ఎక్కువ మేర ఊగుతుంది కాబట్టి దానికి చోటు ఎక్కువ కావాలి. గట్టిగా మీటేవాళ్లకు పావు మిల్లీమీటరు ఎక్కువైనా ఫరవాలేదు, మెత్తగా వాయించేవాళ్లు అంతే తగ్గించుకోవచ్చు.

వంపు సరిచేశాక మన గిటారును మళ్లీ కొలిస్తే ఆరో స్ట్రింగ్ 2.7, మొదటిది 2.2 ఉన్నాయి. వంపు తగ్గడంతోనే మూడు పాళ్లు దిగాయన్నమాట. రెండూ ఇంకో 0.7 దిగాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క శ్రమ తగ్గిస్తుంది. 12వ ఫ్రెట్ సరిగ్గా స్ట్రింగ్ మధ్యలో ఉంటుంది. అందువల్ల శాడిల్‌ను ఒక మిల్లీమీటరు దించితే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరే దిగుతుంది. 0.7 దిగాలంటే శాడిల్ 1.4 దిగాలి. ఈ గిటారు శాడిల్ స్క్రూలు ఒక చుట్టుకు అర మిల్లీమీటరు కదిలే రకం. అంటే మూడు చుట్లకు కాస్త తక్కువ.

ఇలాంటి బ్రిడ్జ్‌లో ఆరు స్ట్రింగులకు ఆరు శాడిళ్లు ఉంటాయి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ నుంచి ఈ అమరిక బాగా వ్యాపించింది. ఒక్కో శాడిల్‌కు రెండు చిన్న అలెన్ స్క్రూలు. రెండింటినీ సమానంగా తిప్పితేనే శాడిల్ ఒక పక్కకు ఒరగకుండా నిలుస్తుంది. మధ్య స్ట్రింగులను ఎలా అమర్చాలి? నెక్ పైభాగం చదునుగా ఉండదు, అడ్డంగా చిన్న గుండ్రం ఉంటుంది. స్ట్రింగులు ఆ గుండ్రాన్ని అనుసరించాలి. ఆరోది 2.0, ఐదోది 1.9, నాలుగోది 1.8, ఇలా ఒక్కో పాలు తగ్గించుకుంటూ మొదటిదాన్ని 1.5కు తెస్తే గుండ్రం దానంతట అదే కుదురుతుంది. కొన్ని గిటార్లకు బ్రిడ్జ్ మొత్తాన్ని రెండు చివర్ల రెండు పెద్ద స్క్రూలు మోస్తాయి. అక్కడ పని ఇంకా సులువు.

ట్రెమొలో బ్రిడ్జ్ ఉన్న గిటారైతే శాడిళ్లను ముట్టుకునేముందు బ్రిడ్జ్ పలకను పక్క నుంచి చూడాలి. లావు స్ట్రింగులు వేసినప్పుడు వాటి లాగుడుకు పలక వెనక భాగం లేచి, మొత్తం ఎత్తు పెరుగుతుంది. అప్పుడు గిటారు వెనక మూత తీసి, స్ప్రింగులను పట్టి ఉంచే రెండు స్క్రూలను బిగించి, పలకను మునుపటి స్థానానికి తెచ్చాకే ఎత్తు చూడాలి.

దించాక ప్రతి స్ట్రింగునూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటి వినండి. జిర్రుమనే చప్పుడు ఎక్కడ వస్తోందో దాన్నిబట్టే కారణం తెలుస్తుంది. మొదటి ఐదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ వంపు చాలలేదు, రాడ్ కొద్దిగా వదలాలి. పన్నెండు దాటాక వస్తే స్ట్రింగులు మరీ కిందికి దిగాయి. ఓపెన్ స్ట్రింగ్ మాత్రమే జిర్రుమని, నొక్కితే చప్పుడు పోతే నట్ గాడి లోతు ఎక్కువైంది. ఒకే ఒక్క చోట వస్తే దాని ముందున్న ఫ్రెట్ పైకి లేచి ఉంది, దాన్ని సెటప్ సరిచేయలేదు. ఎలక్ట్రిక్ గిటారులో చెవి దగ్గర పెట్టుకుంటే లీలగా వినిపించే చప్పుడు ఆంప్లిఫయర్‌లో రాకపోతే దాన్ని వదిలేయవచ్చు.

మధ్యలో ఒక్క చూపు: నట్

హెడ్‌స్టాక్ మొదట్లో స్ట్రింగులు కూర్చునే గాడులున్న ముక్కే నట్. వంపు, ఎత్తు రెండూ సరిగా ఉన్నా మొదటి మూడు ఫ్రెట్లలో వేళ్లు నొప్పెడుతుంటే దాన్ని అనుమానించాలి. స్ట్రింగును మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెలుగు సన్నని గీతలా కనిపించి, వేలితో తట్టినప్పుడు స్ట్రింగ్ ఫ్రెట్‌కు తగిలి చిన్న టక్కుమన్న చప్పుడు వస్తే చాలు. అంతకంటే ఎక్కువ సందు ఉంటే గాడి లోతు చాలలేదు. దాని పర్యవసానం నొప్పితో ఆగదు. మొదటి ఫ్రెట్ స్వరాలు పెరిగి, 12వ ఫ్రెట్ దగ్గర అంతా సరిపోయిన గిటారులో కూడా సి కార్డ్ అపస్వరంగా వస్తుంది. గాడిని లోతు చేయడానికి ప్రతి స్ట్రింగ్ మందానికీ విడి ఆకురాయి కావాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే నట్ మార్చాల్సిందే. ఈ పని చేయి తిరిగినవాళ్లకు వదలడం మంచిది.

మూడోది: ఇంటొనేషన్

ఫ్రెట్ల స్థానాలు లెక్క ప్రకారం కోసినవి. మొదటి ఫ్రెట్ ఎక్కడ ఉండాలంటే స్ట్రింగ్ పొడవును 17.817తో భాగించాలి. ఆ తర్వాత మిగిలిన పొడవును మళ్లీ అంతతో భాగిస్తే రెండోది, అలా పన్నెండోది సరిగ్గా సగానికి వస్తుంది. మన గిటారులో 324 మిల్లీమీటర్లు. స్ట్రింగులో సగం మోగితే స్వరం పై స్థాయికి వెళుతుంది. కానీ ఈ లెక్క నొక్కినప్పుడు స్ట్రింగ్ సాగదన్నట్టు వేసినది. నిజానికి వేలు దాన్ని ఫ్రెట్ దాకా కిందికి వంచుతుంది, ఆ వంపుకు అది సాగి స్వరం కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను రద్దు చేయడానికి స్ట్రింగును లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే కొంచెం పొడవు చేస్తారు. అందుకే శాడిళ్లు ముందుకూ వెనక్కూ కదిలేలా ఉంటాయి.

పరీక్ష ఇది. ఓపెన్ స్ట్రింగును ట్యూనర్‌లో కచ్చితంగా శ్రుతి చేయండి. 12వ ఫ్రెట్‌కు సరిగ్గా పైన స్ట్రింగును వేలితో తాకీ తాకకుండా ఆనించి మీటితే గంటలాంటి హార్మోనిక్ వస్తుంది. అది సరైన పై స్థాయి స్వరం. తర్వాత అదే ఫ్రెట్ దగ్గర మామూలుగా నొక్కి మీటండి. వాయించేటప్పుడు ఎంత బలంతో నొక్కుతారో అంతే నొక్కాలి. కసిగా నొక్కితే స్వరం పెరిగి కొలత తప్పుతుంది. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే స్ట్రింగ్ పొడవు చాలలేదు, శాడిల్‌ను వెనక్కి జరపాలి. తక్కువ చూపిస్తే నెక్ వైపు జరపాలి.

మన గిటారులో మొదట 14 సెంట్లు ఎక్కువ చూపించిన ఆరో స్ట్రింగ్, ఎత్తు దించాక 8 సెంట్లే చూపించింది. శాడిల్ ముందు వెనకల స్క్రూను ఒక్కసారి కూడా తిప్పలేదు. స్ట్రింగ్ ఫ్రెట్‌కు దగ్గరైంది కాబట్టి నొక్కినప్పుడు సాగేది తగ్గింది, ఆరు సెంట్లు దానంతట అవే పోయాయి. ఇంటొనేషన్‌ను చివర చూడమనేది ఇందుకే. ముందే 14 సెంట్లకూ శాడిల్ జరిపి ఉంటే ఎత్తు దించాక స్వరం తక్కువై, మళ్లీ ముందుకు తేవాల్సి వచ్చేది.

మిగిలిన 8 సెంట్లకు శాడిల్ ఎంత జరపాలి? 648 మిల్లీమీటర్ల గిటారులో శాడిల్‌ను ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపి, ఓపెన్ స్ట్రింగును మళ్లీ శ్రుతి చేస్తే 12వ ఫ్రెట్ స్వరం దాదాపు 2.7 సెంట్లు తగ్గుతుంది. 8ని 2.7తో భాగిస్తే మూడు మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలియక కొందరు స్క్రూను అర చుట్టు తిప్పి, తేడా కనిపించక, చెడిపోయిందేమోనని కంగారుపడతారు. బ్రిడ్జ్ వెనక ఉన్న పొడవు స్క్రూను స్టార్ స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే శాడిల్ వెనక్కి వస్తుంది. తిప్పేముందు స్ట్రింగును కాస్త వదులు చేయాలి, లేకపోతే అది శాడిల్ కింద రాసుకుని దెబ్బతింటుంది. తిప్పిన ప్రతిసారీ ఓపెన్ స్ట్రింగును మళ్లీ శ్రుతి చేసి, అప్పుడు 12వ ఫ్రెట్ చూడాలి. తేడా రెండు సెంట్లలోపుకు వస్తే అక్కడితో ఆపేయవచ్చు.

ఐదో స్ట్రింగ్ 5 సెంట్లు, నాలుగోది 3, మూడోది 6, రెండోది 4 ఎక్కువ చూపించాయి. మొదటిది ఒక్క సెంటు, దాన్ని వదిలేశాం. అన్నీ సరిచేశాక పై నుంచి చూస్తే శాడిళ్లు రెండు మెట్ల వరుసలుగా నిలిచాయి. మొదటి స్ట్రింగ్ శాడిల్ నెక్‌కు దగ్గరగా, రెండోది కాస్త వెనక, మూడోది ఇంకా వెనక. నాలుగోది మళ్లీ ముందుకు వచ్చి, ఐదోది, ఆరోది వరుసగా వెనక్కి. చుట్టు తీగ ఉన్న స్ట్రింగులో బిగువును మోసేది లోపలి సన్నని తీగే, పై చుట్టు బరువు కోసం మాత్రమే. అందుకే మొత్తం మందం ఎక్కువైనా నాలుగో స్ట్రింగ్ లోపలి తీగ చుట్టులేని మూడో స్ట్రింగ్ కంటే సన్నన, దానికి సవరింపు తక్కువ చాలు. మీ శాడిళ్లు ఈ రెండు మెట్ల ఆకారానికి పూర్తిగా భిన్నంగా నిలిస్తే, ఆ స్ట్రింగ్ పాతదో లోపం ఉన్నదో అయి ఉంటుంది. ముందు దాన్ని మార్చి చూడండి.

ఎంత జరిపినా ట్యూనర్ ముల్లు నిలవకుండా, లావు స్ట్రింగులు పై ఫ్రెట్లలో వణుకుతున్నట్టు మోగితే పికప్‌లను చూడాలి. వాటిలోని అయస్కాంతాలు స్ట్రింగులకు మరీ దగ్గరగా ఉంటే వాటి ఊపును గుంజి స్వరాన్ని చెడగొడతాయి. పక్క స్క్రూలతో పికప్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు దించి మళ్లీ కొలవండి.

అకూస్టిక్ గిటారైతే

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అకూస్టిక్ గిటారే. వరుస దానికీ ఇదే, కొలతలు కొంచెం వేరు. లైట్ సెట్ స్టీలు స్ట్రింగులు కూడా 70 కిలోలకు పైగా లాగుతాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో స్ట్రింగ్ 2.5, మొదటిది 2 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే హాయిగా పలుకుతుంది. ట్రస్ రాడ్ ఉంటే హెడ్‌స్టాక్ దగ్గరో, సౌండ్ హోల్ లోపల నెక్ మొదట్లోనో తిప్పే చోటు కనిపిస్తుంది. చవక రకాల్లో కొన్నిటికి తిప్పే రాడ్ ఉండదు. నైలాన్ స్ట్రింగుల క్లాసికల్ గిటార్లలో చాలావాటికీ ఉండదు, వాటి స్ట్రింగులు లాగే బలం తక్కువ.

ఎత్తు తగ్గించడానికి ఇక్కడ స్క్రూలు లేవు. బ్రిడ్జ్ గాడిలో కూర్చున్న సన్నని ఎముక లేదా ప్లాస్టిక్ శాడిల్‌ను బయటికి తీసి, అడుగు భాగాన్ని సమతలం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దాలి. లెక్క మారదు. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గాలి. రుద్దేముందు అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకుని, దానికి కాస్త ఇవతలే ఆగి, స్ట్రింగులు వేసి కొలవండి. రుద్దింది మళ్లీ రాదు. శాడిల్ పైభాగం చాలా గిటార్లకు కొద్దిగా ఏటవాలుగా అమర్చి ఉంటుంది, ఇంటొనేషన్ సవరింపు ఆ ఏటవాలులోనే ఉంది. ఇంట్లో చేయగలిగింది సరైన ఎత్తు, కొత్త స్ట్రింగులు. ఆ తర్వాత కూడా పది సెంట్లకు మించి తేడా ఉంటే శాడిల్‌ను మార్చడమో దాని పై అంచును మలచడమో నిపుణుడు చేయాలి.

శాడిల్ అప్పటికే బ్రిడ్జ్‌లో మునిగిపోయినంత తక్కువగా ఉండి, స్ట్రింగులు ఇంకా ఎత్తులోనే ఉంటే ఇక రుద్దకండి. బాడీ పైపలక ఉబ్బి ఉండవచ్చు, లేదా నెక్ బాడీతో కలిసే కోణం మారి ఉండవచ్చు. అది సెటప్‌తో తీరేది కాదు.

సెటప్ చేయలేనిది

కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. విశాఖ, కాకినాడల వైపు వానాకాలంలో అకూస్టిక్ గిటారు పైపలక కాస్త ఉబ్బి స్ట్రింగులు ఎత్తవుతాయి. హైదరాబాద్ ఎండాకాలంలో, అందులోనూ రోజంతా ఏసీ నడిచే గదిలో, కొయ్య ఎండి కుంచించుకుంటుంది. ఎత్తు తగ్గి జిర్రుమనడం, ఫ్రెట్ల కొసలు నెక్ అంచున గుచ్చుకోవడం దాని గుర్తులు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారు స్థిరంగా ఉంటుంది. కాబట్టి గదిలో గోడకు వేలాడదీసే బదులు కేసులో ఉంచడం మేలు.

ఇంకొక హద్దు స్వరాలకు సంబంధించినది. గిటారు ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. షడ్జం మీద గిటారు ఇచ్చే అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబురా శ్రుతిలో కలిసిపోయే గాంధారం 386 సెంట్ల దగ్గర పలుకుతుంది. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి గిటారు మేజర్ కార్డ్‌లోని ఆ స్వరం కొంచెం ఎక్కువగా తోస్తే ఆ చెవి సరిగానే విన్నట్టు. ఏ స్క్రూ తిప్పినా ఆ 14 సెంట్లు పోవు. ఆ తేడా వినిపించిందని రెండో స్ట్రింగును చెవితో తగ్గించుకుంటే ఒక కార్డ్ బాగుపడి ఇంకో నాలుగు చెడతాయి. ట్యూనర్ చూపించిన చోటే ఉంచడం మంచిది.

మన ఉదాహరణ గిటారుకు చివర ఉన్న కొలతలు ఇవి: వంపు 0.25, ఎత్తు 2.0, 1.5, ఇంటొనేషన్ ఆరు స్ట్రింగులకూ రెండు సెంట్లలోపు. టెన్స్ సెట్ అలాగే ఉంది, బార్ కార్డ్‌లో ఆరు స్ట్రింగులూ పలుకుతున్నాయి. ఈ అంకెలను, వేసిన స్ట్రింగుల మందాన్ని, తేదీని ఒక చీటీ మీద రాసి గిటారు కేసులో పెట్టమని ఆ కుర్రాడికి చెప్పాను. వానలు మొదలైనప్పుడూ ఎండలు ముదిరినప్పుడూ కేపో బిగించి వంపు ఒక్కటీ కొలిచి చూస్తే చాలు. అది 0.25 దగ్గరే ఉంటే మిగతా రెండూ సాధారణంగా చోటు మారవు. మారితే పావు చుట్టుతో సరిచేసి, అదే వరుసలో కిందికి రావాలి.